కాలనీ పెద్దలకు ‘డిజిటల్ అరెస్ట్’ మోసం గురించి అరగంటలో ఎలా చెప్పాలి

‘సైబర్ నేరాలపై అవగాహన సదస్సు’ అని బోర్డు పెట్టకండి. పెడితే పెద్దవాళ్లు రారు. వచ్చినా, ఇది కంప్యూటర్లు తెలిసినవాళ్ల గొడవలే అనుకుని వెనక కుర్చీల్లో కూర్చుంటారు. గుంటూరు పట్టాభిపురంలో మా కాలనీ నోటీసు బోర్డు మీద నేను రాసింది ఇంతే: ‘ఆదివారం సాయంత్రం అయిదున్నరకు సెల్లార్లో టీ. దొంగ పోలీసు ఫోన్ల గురించి అరగంట మాట్లాడుకుందాం. ఫోను, కళ్లజోడు తెచ్చుకోండి.’ ఇరవై ముగ్గురు వచ్చారు. కళ్లజోడు మాత్రం సగం మంది మరిచిపోయారు, అది వేరే సంగతి.

నేను బ్యాంకులో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఈ మోసంలో చివరి అంకం బ్యాంకు కౌంటరు దగ్గర నడుస్తుంది కాబట్టి దాన్ని దగ్గరగా చూశాను. మీ కాలనీలో మీరూ ఇలా మాట్లాడాలనుకుంటే, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. మీరు పోలీసో లాయరో కానక్కర్లేదు. అసలు కాకపోతేనే మంచిది, పెద్దవాళ్లు మిమ్మల్ని సొంత మనిషి అనుకుని ప్రశ్నలు అడుగుతారు.

ముందు కుర్చీలు, తర్వాత కథ

కుర్చీలు గుండ్రంగా వేయండి. మైకు వద్దు, స్లైడ్లు వద్దు. ‘మీలో ఎవరైనా మోసపోయారా?’ అని ఎప్పుడూ అడక్కండి. మోసపోయినవాళ్లుంటే ఆ ప్రశ్నతో వాళ్ల నోరు శాశ్వతంగా మూతపడుతుంది. కొడుకు తిడతాడని, కోడలి ముందు చులకనైపోతామని దాచుకున్నవాళ్లు ప్రతి కాలనీలో ఒకరైనా ఉంటారు.

నేరుగా ఒక కథలోకి దిగండి. నేను చెప్పేది ఇది.

ఒక టీచరమ్మ గారు. వయసు అరవై ఆరు. భర్త పోయారు, అబ్బాయి అమెరికాలో ఉంటాడు. మంగళవారం పొద్దున పదిన్నరకు, పనమ్మాయి గిన్నెలు తోమి వెళ్లాక, ఫోన్ మోగింది. ఎత్తితే రికార్డు చేసిన గొంతు: ‘రెండు గంటల్లో మీ నంబరు రద్దవుతుంది, వివరాలకు 9 నొక్కండి.’ ఆవిడ నొక్కారు. మర్యాదగా మాట్లాడే ఒకాయన లైన్లోకి వచ్చి, ఆవిడ ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకుని చెడ్డ పనులు చేశారని, ముంబై వెళ్లి క్లియరెన్స్ తెచ్చుకోవాలని చెప్పాడు. ‘అంత దూరం ఎలా వస్తాను బాబూ’ అని ఆవిడ అనగానే, ‘పోనీ నేనే స్టేషన్‌కి కలుపుతాను మేడమ్’ అన్నాడు.

ఇక్కడ ఆగి అందర్నీ అడగండి: ‘ఇప్పటిదాకా ఆవిడకు అనుమానం రావాల్సింది ఏమైనా ఉందా?’ చాలామంది లేదనే అంటారు. నిజమే. మొదటి మనిషి భయపెట్టడు, సాయం చేస్తాడు.

తర్వాత వాట్సాప్‌లో వీడియో కాల్. యూనిఫాం, వెనక గోడ మీద మూడు సింహాలు, టేబుల్ మీద జెండా. ఆవిడ పేరు, ఆధార్ నంబరు, ఎర్ర సీలు ఉన్న అరెస్ట్ వారెంట్ ఒకటి పీడీఎఫ్‌గా వచ్చింది. నల్లధనం కేసులో మీ పేరుంది, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, కెమెరా ఆపకూడదు, తలుపు తీయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, చెబితే మీ అబ్బాయి వీసా కూడా పోతుంది, అని నలుగురు వంతులవారీగా చెప్పారు. ఆ రాత్రి ఆవిడ వంటింట్లోని పప్పుల డబ్బాకి ఫోన్ ఆనించి, ఛార్జర్ పెట్టి, దాని ఎదురుగా కుర్చీలో కూర్చునే కునుకు తీశారు. బాత్రూంకి వెళ్లడానికి కూడా ఫోన్లో ఉన్నవాణ్ని పర్మిషన్ అడిగారు.

ఈ వాక్యం దగ్గర మా సెల్లార్లో ఎవరూ కదల్లేదు. ఇక్కడ తొందరపడకండి, కాసేపు ఊరుకోండి.

బుధవారం ఆవిడ వేరే బ్యాంకు నుంచి 3,80,000 రూపాయలు ఆర్‌టీజీఎస్ చేశారు, ‘డబ్బు తనిఖీ చేసి 48 గంటల్లో వెనక్కి వేస్తాం’ అంటే. గురువారం మా బ్రాంచికి రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసేయడానికి వచ్చారు. అందులో ఒకదానికి గడువు ఇంకా నలభై రోజులే. నలభై రోజులు ఆగితే పూర్తి వడ్డీ వచ్చే డిపాజిట్‌ని ఊరికే ఎవరూ విరగ్గొట్టరు. ‘దేనికమ్మా?’ అంటే ‘స్థలానికి అడ్వాన్స్’ అని, నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చింది, అప్పజెప్పినట్టు. ఫారంలో డబ్బు వెళ్లాల్సిన ఖాతా ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరు మీద, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది. చేతిసంచి జిప్పు తెరిచి ఉంది, లోపల ఫోన్ స్క్రీన్ వెలుగుతోంది.

నేను పైకి ఏమీ అనలేదు. చలాన్ వెనక ‘లైన్లో ఎవరైనా ఉన్నారా?’ అని రాసి ముందుకు జరిపాను. ఆవిడ చదివి, నా పెన్ను తీసుకుని, దాని పక్కన ఒక టిక్కు పెట్టారు.

ఫోన్ తీసి నేనే కట్ చేశాను. ‘అయ్యో, పెట్టేశారా! ఇప్పుడు వాళ్లొచ్చేస్తారండీ’ అంటూ ఇరవై నిమిషాలు బ్యాంకు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ రాలేదు. రారు కూడా, ఎందుకంటే వాళ్లు గుంటూరులోనే కాదు, చాలాసార్లు మన దేశంలోనే ఉండరు. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో దీనికోసమే నడిచే అడ్డాలున్నాయి. ఉద్యోగాలని నమ్మి వెళ్లి అక్కడ ఇరుక్కున్న మన పిల్లల్ని 2024లో విశాఖ పోలీసులు వెనక్కి రప్పించారు. కాబట్టి అవతలి గొంతు చక్కటి తెలుగు మాట్లాడినంత మాత్రాన నమ్మడానికి లేదు.

ఈ కథ కాగానే ఎవరో ఒకరు ‘చదువుకున్నావిడ, ఇంత అమాయకంగా ఎలా?’ అంటారు. మా దగ్గర ఒక రిటైర్డ్ ఇంజనీరు గారే అన్నారు. దానికి జవాబు దగ్గర ఉంచుకోండి. 2024 ఆగస్టులో వర్ధమాన్ గ్రూప్ ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ ఇదే మోసంలో 7 కోట్లు పంపారు. ఆయనకు వీడియోలో ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నడిపి చూపించారు, ప్రధాన న్యాయమూర్తి పేరుతో ఒకడు మాట్లాడాడు. అంత పెద్ద కంపెనీ నడిపినాయన పడ్డాడంటే ఇది తెలివితేటలకు పెట్టే పరీక్ష కాదని వాళ్లకు అర్థమవుతుంది. మనిషిని ఒంటరిని చేసి, నిద్రపోనీయకుండా, ఆలోచించే సందు లేకుండా చేయడమే ఇందులో కిటుకు.

మూడే గుర్తులు చెప్పండి

నాకు తెలిసినవి పది గుర్తులుంటే మొదటిసారి పదీ చెప్పేశాను. టీ అయ్యాక అడిగితే ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు మూడే చెబుతున్నాను. కొరియర్‌లో మత్తుమందు దొరికిందని, సిమ్ రద్దవుతుందని, మనవడు కేసులో ఇరుక్కున్నాడని కథ ఏదైనా మారవచ్చు. ఈ మూడూ మారవు.

మొదటిది, ఫోన్లో అరెస్ట్. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఈ మాటే చెప్పారు. నిజంగా పోలీసులు అరెస్ట్ చేస్తే మనిషే వచ్చి చేస్తాడు, కారణం చెబుతాడు, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. విచారణకు రమ్మనే నోటీసు కూడా వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి, ఇది పెద్దవాళ్లకు చాలా నచ్చుతుంది: 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అరవై దాటినవాళ్లను, ఆడవాళ్లను సాక్షిగా విచారించాలంటే పోలీసే వాళ్లుండే చోటికి రావాలి, వాళ్లను స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు. సెక్షన్ 179. ‘నంబరు రాసుకోవచ్చా?’ అని ఒక మాస్టారు డైరీ తీశారు. రాసుకోనివ్వండి, కానీ ఫోన్లో దొంగతో సెక్షన్ల మీద వాదించొద్దని మాత్రం చెప్పండి. వాదించినంతసేపూ లైన్లోనే ఉంటారు, వాడికి కావాల్సింది అదే.

రెండోది, ఎవరికీ చెప్పొద్దు అనడం. దీని మీద ఎక్కువసేపు ఉండండి. ఏ పోలీసూ ఇంట్లోవాళ్లకు చెప్పొద్దనడు. పక్కింటివాళ్లకు ఒక్క మాట చెబితే ఈ నాటకం అయిదు నిమిషాల్లో కూలిపోతుంది, అందుకే వాళ్లకు రహస్యం కావాలి. టీచరమ్మ గారి ఎదురింట్లో రిటైర్డ్ ఎస్సై ఉన్నారు. రెండు రోజులూ ఆ తలుపు తట్టలేదు ఆవిడ.

మూడోది, తనిఖీకి డబ్బు పంపమనడం. ఏ పోలీసైనా, సీబీఐ అయినా, రిజర్వు బ్యాంకైనా మీ డబ్బు మంచిదో కాదో చూడ్డానికి దాన్ని ఇంకో ఖాతాలోకి వేయించుకోదు. అనుమానం ఉంటే మీ ఖాతాని ఉన్నచోటే స్తంభింపజేయమని బ్యాంకుకు రాస్తారు, డబ్బు కదలదు. ఇది బ్యాంకువాడిగా నేను గట్టిగా చెప్పగలిగిన మాట. ఇంకా ఒక చిన్న సంగతి: 2025 ఏప్రిల్ నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చేసేటప్పుడు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే వీలుంది. రిజర్వు బ్యాంకుకి అన్న డబ్బు ఏదో ట్రేడర్స్ పేరు మీదికి వెళుతుంటే అక్కడ ఆగిపోవచ్చు.

ఎర్ర బటన్ నొక్కించండి

అరగంటలో పదిహేను నిమిషాలు దీనికే ఇవ్వండి. మాటలు మరిచిపోతారు, చేతితో చేసింది గుర్తుంటుంది.

మీరు పోలీసు అవ్వండి. పక్క గదిలోకి వెళ్లి ఒక్కొక్కరికి ఫోన్ చేసి గొంతు పెంచి మాట్లాడండి. ‘నేను ముంబై క్రైం బ్రాంచ్ నుంచి. ఫోన్ పెట్టారంటే అరగంటలో మీ ఇంటికి పోలీసులొస్తారు.’ వాళ్లు చేయాల్సింది ఒకటే, ఎర్ర బటన్ నొక్కాలి. వింటే నవ్వొస్తుంది కానీ, మా దగ్గర మొదటిసారి సగం మంది నొక్కలేకపోయారు. ఒక పిన్ని గారు ‘ఆఫీసరు మాట్లాడుతుంటే మధ్యలో పెట్టేస్తే బాగోదు కదండీ’ అన్నారు. అదీ అసలు సమస్య. మన పెద్దవాళ్లు రాంగ్ నంబరుకు కూడా ‘ఉంటానండీ’ అని చెప్పి పెడతారు. చెప్పాపెట్టకుండా కాల్ కట్ చేయడం వాళ్లకు అలవాటు లేని పని, నేర్పాలి.

అలా మరీ పెట్టేయలేం అన్నవాళ్లకు ఒక వాక్యం ఇవ్వండి: ‘మా స్టేషన్‌కి వచ్చి మాట్లాడతాను, ఉంటాను.’ మీ ఏరియా స్టేషన్ పేరు చేర్చండి, మాకైతే పట్టాభిపురం. ఈ వాక్యం చెప్పాక అవతలివాడి జవాబు వినకుండా పెట్టేయాలి. ముగ్గురితో మూడుసార్లు గట్టిగా అనిపించండి.

వీడియో కాల్ కట్ చేయడం విడిగా చూపించండి. వాట్సాప్ వీడియోలో బటన్లు కాసేపటికి మాయమవుతాయి, స్క్రీన్ మీద ఒకసారి తాకితే కానీ రావు. కంగారులో అది తట్టదు. ఏమీ తోచకపోతే పక్కనున్న పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఫోన్ ఆపేయమనండి. కొన్ని ఫోన్లలో దాంతోపాటు వాల్యూం బటన్ కూడా నొక్కాలి, ఎవరి ఫోన్లో ఎలాగో అప్పుడే చేయించి చూడండి.

ఫోన్ పెట్టాక రెండో పని, తలుపు తీసుకుని బయటికి రావడం. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇప్పుడే తేల్చండి. మేము ప్రతి బ్లాకుకీ ఇద్దరి పేర్లు రాశాం, ఒకరు పగలు ఇంట్లో ఉండేవాళ్లు కావాలి. పిల్లలకు ఫోన్ చేయమంటే సరిపోదు. పొద్దున పదిన్నరకు అమెరికాలో నడిరాత్రి, బెంగుళూరు అబ్బాయి మీటింగ్‌లో ఉంటాడు. పక్క ఫ్లాటు బాబాయ్ గారైతే చొక్కా వేసుకుని వచ్చేస్తారు.

ఇదంతా ఒక చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి ఇవ్వండి. మా కాగితంలో నాలుగే వరుసలున్నాయి: ఫోన్ పెట్టేయి. తలుపు తీయి. బ్లాకులో ఇద్దరి నంబర్లు. 1930. ఫ్రిజ్ మీద కాదు, ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట, కూర్చుంటే కంటికి ఆనేలా అంటించమని చెప్పండి.

డబ్బు వెళ్లిపోయి ఉంటే

ఇది చెప్పేటప్పుడు ఎవరి మొహంలోకీ చూడకండి, అందరికీ అన్నట్టు చెప్పండి.

మొదట 1930కి ఫోన్. ఇది కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. వాళ్లు వివరాలు ఎక్కించగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది, అక్కడ ఇంకా ఏమైనా మిగిలి ఉంటే ఆపేస్తారు. దొంగలు ఆ డబ్బుని నిమిషాల్లో నాలుగైదు ఖాతాల్లోకి చీలుస్తారు కాబట్టి ‘సాయంత్రం అబ్బాయి వచ్చాక చేద్దాం’ అనుకుంటే అప్పటికి ఏమీ ఉండదు. ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఉండాల్సినవి: మీ ఖాతా నంబరు, ఎంత పంపారు, ఎప్పుడు పంపారు, యూటీఆర్ నంబరు. యూటీఆర్ అంటే ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చిన నంబరు. ఆర్‌టీజీఎస్ రసీదు మీదో, మెసేజ్‌లోనో, పాస్‌బుక్‌లోనో ఉంటుంది. దొరక్కపోయినా ముందు ఫోన్ చేయండి, తర్వాత వెతకండి. 1930 లైన్ కలవకపోతే cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టవచ్చు, పక్కింటి కుర్రాడు పది నిమిషాల్లో పెడతాడు. అక్కడ వచ్చే నంబరు రాసుకోండి.

తర్వాత మీ బ్యాంకు, ఆపైన దగ్గరలో ఉన్న పోలీసు స్టేషన్. ‘ఇది మా పరిధి కాదు’ అని ఎవరైనా అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. భయంతోనో సిగ్గుతోనో వాట్సాప్ చాట్ చెరిపేయకూడదు, ఆ దొంగ వారెంటుతో సహా అదంతా సాక్ష్యమే.

టీచరమ్మ గారి 3,80,000లో 62,000 మాత్రమే ఆగింది, ఒక రోజు ఆలస్యమైంది కదా. ఆ ఆగినదాన్ని కూడా కోర్టు ఉత్తర్వు వచ్చాకే బ్యాంకు వెనక్కి వేసింది. ఓస్వాల్ గారి 7 కోట్లలో 5 కోట్లకు పైగా దొరికింది. ఈ రెండూ చెప్పండి. అంతా వస్తుందని ఆశ పెట్టొద్దు, ఏమీ రాదని కూర్చోబెట్టొద్దు.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ‘మీ పోయిన డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని ఇంకో ఫోన్ వస్తుంది. అదీ దొంగలే. ఆవిడకు రెండుసార్లు వచ్చింది.

అడిగే ప్రశ్నలు

‘నా ఆధార్ నంబరు, నాన్నగారి పేరు సరిగ్గా చెప్పాడు, అంటే పోలీసేగా?’ ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నేను ఎదురు అడుగుతాను: సిమ్ కార్డుకి, గ్యాస్‌కి, హోటల్ గదికి, జిరాక్సు షాపులో, ఎన్నిచోట్ల ఆధార్ కాపీ ఇచ్చారు? లెక్కపెట్టడం మొదలుపెట్టి వాళ్లే ఆపేస్తారు.

‘నిజంగా పోలీసులే ఫోన్ చేస్తే?’ చేయవచ్చు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి చేస్తారు, అపార్ట్‌మెంట్లో దొంగతనం జరిగితే చేస్తారు. పేరు, స్టేషన్ పేరు అడిగి పెట్టేసి, స్టేషన్‌కి మనిషిని పంపో, 112కి చేసో కనుక్కోవచ్చు. అసలు పోలీసుకి కోపం రాదు. వాళ్లిచ్చిన నంబరుకే తిరిగి చేసి కనుక్కోకూడదు, అంతే. ఇంటికే వస్తే వాచ్‌మన్‌ని పిలిచి, గుర్తింపు కార్డు చూశాకే తలుపు తీయమనండి.

‘మా అబ్బాయిని పట్టుకున్నామని చెప్పి, వాడి ఏడుపు వినిపించారు’ అని మా కాలనీలో ఒకావిడ అన్నారు. ఏడుపు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది, పైగా గొంతుని కూడా అనుకరించే సాధనాలొచ్చాయి. ఆ కాల్ పెట్టేసి అబ్బాయి సొంత నంబరుకే చేయాలి. ఎత్తకపోతే కోడలికి, స్నేహితుడికి. ఇంట్లో అందరికీ మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోమని చెబితే వాళ్లు వెంటనే ‘మా బుజ్జిగాడి ముద్దుపేరు’ అని మొదలుపెట్టారు. అందరి ముందూ చెప్పొద్దని ఆపాల్సి వచ్చింది.

నెల తర్వాత ఒకసారి మళ్లీ కూర్చోబెట్టండి, ఈసారి పది నిమిషాలు చాలు. మా రెండో మీటింగ్‌కి డైరీలో సెక్షన్ రాసుకున్న మాస్టారు తన ఫోన్ పట్టుకుని ముందుగా వచ్చారు. ముందు వారం ఆయనకు ఫోన్ వచ్చింది. ఎర్ర బటన్ నొక్కారు, తలుపు తీశారు, ఎదురింటికి వెళ్లి మంచినీళ్లు అడిగారు. ‘నొక్కాను కానీ, గంటసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి’ అన్నారు. డబ్బు పోలేదు కాబట్టి 1930తో పని లేదు. ఇలాంటి నంబర్ల మీద sancharsaathi.gov.in లో ‘చక్షు’ అనే చోట ఫిర్యాదు చేయవచ్చు, కాల్ వచ్చిన ముప్పై రోజుల్లోపు. ఆయన ఫోన్లోనే, అందరూ చూస్తుండగా, ఆయన చేతనే ఆ నంబరు ఎక్కించాం. స్క్రీన్‌షాట్ ఎలా తీయాలో మాత్రం మూడుసార్లు చూపించాల్సి వచ్చింది.